పవర్ స్ప్లిట్ హైబ్రిడ్ తీసుకోవాలా, సిరీస్‌దా, గేర్‌బాక్స్ ఉన్నదా? మీ రోడ్డును బట్టి తేల్చుకోండి

షోరూమ్‌కి వెళ్తే అన్నిటి మీదా ఒకే మాట ఉంటుంది, హైబ్రిడ్ అని. బానెట్ ఎత్తి చూసినా పెద్ద తేడా కనపడదు. ఓ ఇంజన్, నారింజ రంగు మందపాటి కేబుళ్లు, ఓ ఇన్వర్టర్ పెట్టె, అంతే. కానీ ఇంజన్ శక్తి చక్రాల దాకా వెళ్లే దారి ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది. మైలేజీ ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు, ఇంజన్ ఎప్పుడు అరుస్తుంది, ఏ పార్టు పోతే బండి ఆగిపోతుంది అన్నవన్నీ ఆ దారే నిర్ణయిస్తుంది. అందుకే బ్రోషర్‌లో లీటరుకి ఎంత అని చూసేముందు ఈ దారి ఏంటో అర్థం చేసుకోమంటాను.

దారులు ముఖ్యంగా మూడు. మొదటిది పవర్ స్ప్లిట్, టొయోటా 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ప్రియస్‌తో మార్కెట్లోకి తెచ్చింది, తర్వాత ఫోర్డ్ కూడా ఇలాంటిదే వాడింది. రెండోది సిరీస్, ఇందులో ఇంజన్ పని కరెంటు తయారు చేయడం, చక్రాలు తిప్పేది మోటార్. నిస్సాన్ ఈ-పవర్ పూర్తిగా ఇదే. హోండా ఈ-హెచ్‌ఈవీ కూడా చాలావరకు ఇదే గానీ హైవే వేగంలో ఒక క్లచ్ పట్టుకుని ఇంజన్‌ని నేరుగా చక్రాలకి కలుపుతుంది. మూడోది పారలల్, అంటే మామూలు గేర్‌బాక్స్ అలాగే ఉండి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఒక మోటార్‌నీ క్లచ్‌నీ ఇరికించడం. హ్యుండై ఐయానిక్, కియా నీరో హైబ్రిడ్‌లు 2016లో ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ బాక్సుతో ఇలా వచ్చాయి. బెల్టుతో చిన్న మోటార్ తగిలించిన మైల్డ్ హైబ్రిడ్‌లు కూడా ఉన్నాయి, కానీ వాటిలో మోటార్ ఒక్కటే బండిని నడపదు, వాటిని ఈ లెక్కలో కలపను.

వీటిలో జనానికి అర్థం కానిది పవర్ స్ప్లిట్ ఒక్కటే. గేర్లు లేవంటారు, క్లచ్ లేదంటారు, మరి ఇంజన్ చక్రాలకి ఎలా కలుస్తుంది అని అడిగితే సేల్స్ వాళ్లు ఈ-సీవీటీ అని చెప్పి ఊరుకుంటారు. ఆ పేరు వినగానే చాలామంది బెల్టు సీవీటీ అనుకుని భయపడతారు, బెల్టు అరిగిపోతుందేమో, జారుతుందేమో అని. పవర్ స్ప్లిట్‌లో బెల్టు లేదు, పుల్లీలు లేవు. లోపల ఉన్నది ఎప్పుడూ ఒకదానితో ఒకటి పళ్లు కలిసే ఉండే ఒక ప్లానెటరీ గేర్ సెట్, రెండు మోటార్లు. అంతే. ఇంకో చిక్కు, హోండా కూడా తన దాన్ని ఈ-సీవీటీ అనే పిలుస్తుంది, కానీ దాంట్లో ప్లానెటరీ గేరే లేదు. కాబట్టి ఆ మాటని నమ్ముకుని రకం తేల్చుకోకండి.

ప్లానెటరీ సెట్ అంటే మధ్యలో ఒక చిన్న గేర్, దాన్ని సన్ గేర్ అంటారు. బయట పళ్లు లోపలికి ఉన్న పెద్ద రింగ్ గేర్. ఈ రెండింటి మధ్యా తిరిగే చిన్న ప్లానెట్ గేర్లు, వాటన్నిటినీ పట్టుకుని ఉండే క్యారియర్. ఇంజన్‌ని క్యారియర్‌కి కలిపారు. సన్ గేర్‌కి చిన్న మోటార్‌ని కలిపారు, దీన్ని ఎమ్‌జీ1 అంటారు. రింగ్ గేర్ చక్రాల వైపు వెళ్తుంది, పెద్ద మోటార్ ఎమ్‌జీ2 కూడా ఆ వైపే ఉంటుంది. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌లో సన్ గేర్‌కి 30 పళ్లు, రింగ్‌కి 78. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే ఆ కారు ఏ వేగంలో ఏం చేస్తుందో కాగితం మీదే లెక్క కట్టచ్చు. ఆ కారులో పెద్ద మోటార్ నేరుగా రింగ్ మీదే ఉంటుంది కాబట్టి లెక్క ఇంకా తేలిక, అందుకే దాన్నే తీసుకుంటున్నాను. తర్వాతి తరాల్లో పెద్ద మోటార్‌కి వేరే తగ్గింపు గేరు పెట్టారు, కొన్ని అంకెలు మారాయి, సూత్రం మారలేదు.

ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం ఒకటే. డిఫరెన్షియల్ తెలుసు కదా, రెండు చక్రాలకీ బలం సగం సగం పంచుతుంది, కానీ ఏ చక్రం ఎంత వేగంగా తిరగాలన్నది వాటికే వదిలేస్తుంది. ప్లానెటరీ కూడా అలాంటిదే, పంపకం మాత్రం సగం సగం కాదు. ఇంజన్ టార్క్‌లో 78 వంతులు రింగ్‌కి, 30 వంతులు సన్‌కి, అంటే దాదాపు 72 శాతం చక్రాల వైపు, 28 శాతం చిన్న మోటార్ వైపు వెళ్తాయి. ఈ పంపకం గేర్ పళ్లతో ముడిపడి ఉంది, ఏ కంప్యూటరూ దాన్ని మార్చలేదు. కంప్యూటర్ చేతిలో ఉన్నది చిన్న మోటార్ వేగం. దాన్ని వేగంగానో నెమ్మదిగానో, ముందుకో వెనక్కో తిప్పి ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంలో ఉండాలో అది నిర్ణయిస్తుంది. గేర్‌బాక్స్ చేసే పని ఇక్కడ చిన్న మోటార్ చేస్తోందన్నమాట.

వేగాల లెక్క ఇలా ఉంటుంది. 78ని 30తో భాగిస్తే 2.6, దానికి ఒకటి కలిపితే 3.6. S చిన్న మోటార్ ఆర్‌పీఎం, E ఇంజన్‌ది, R రింగ్‌ది.

```
S = 3.6 × E − 2.6 × R
```

ఆ ప్రియస్ గంటకి 60 కిలోమీటర్ల వేగంలో వెళ్తుంటే టైరు సైజు, ఫైనల్ గేర్ లెక్కల ప్రకారం రింగ్ సుమారు 2,100 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. రోడ్డు చదును, కాలు పెడల్ మీద తేలిగ్గా ఉంది, ఇంజన్ 1,500లో నడుస్తోంది అనుకుందాం. లెక్క వేస్తే చిన్న మోటార్ వేగం మైనస్ 60, అంటే దాదాపు నిలబడే ఉంది. నిలబడ్డ మోటార్ కరెంటు తయారు చెయ్యదు, వాడేదీ చాలా తక్కువ, సన్ గేర్ కదలకుండా గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇంజన్ శక్తి మొత్తం గేర్ల గుండానే చక్రాలకి వెళ్తోంది, కరెంటుగా మారి మళ్లీ తిరిగి మారే నష్టం లేదు. పవర్ స్ప్లిట్‌కి ఇది బంగారం లాంటి చోటు. సిటీ దాటి బయట రోడ్ల మీద 50 నుంచి 80 మధ్య నిదానంగా వెళ్లేవాళ్లకి అంత మైలేజీ రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు అదే 60లో ఒక లారీని దాటాలి, పెడల్ గట్టిగా తొక్కారు. ఇంజన్‌ని 4,000కి లేపుతుంది. చిన్న మోటార్ వేగం 8,940కి చేరుతుంది. ఇంజన్ 110 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందంటే ఇంజన్ శక్తి 46 కిలోవాట్లు. రింగ్ గుండా నేరుగా చక్రాలకి వెళ్లేది అందులో 17.5 కిలోవాట్లే. మిగిలిన 28.6 కిలోవాట్లు చిన్న మోటార్‌లో కరెంటై, ఇన్వర్టర్ గుండా పెద్ద మోటార్‌కి వెళ్లి, మళ్లీ తిప్పుడుగా మారి చక్రాలకి చేరాలి. టార్క్ పంపకం 72, 28 అయినా శక్తి పంపకం మాత్రం తిరగబడి, దాదాపు 62 శాతం కరెంటు దారిలో పోతోంది, ఎందుకంటే శక్తి అంటే టార్క్‌ని వేగంతో గుణించినది, చిన్న మోటార్ మహా వేగంగా తిరుగుతోంది. ఒక్కో మార్పిడిలో పదో వంతు పోతుందని అనుకుంటే (లెక్క తేలిక కోసం తీసుకున్న అంకె ఇది, మంచి మోటార్లు ఇంతకంటే మెరుగే) 5.4 కిలోవాట్లు వేడిగా పోతాయి. ఆ కొద్దిసేపూ బ్యాటరీ ఇంకో 20 కిలోవాట్ల దాకా సాయం చేస్తుంది కాబట్టి బండి బాగానే లాగుతుంది, కానీ నష్టం నష్టమే.

మూడో సందర్భం హైవే. 100లో వెళ్తున్నారు, కాస్త ఎదురుగాలి, ఇంజన్ 2,200లో 80 న్యూటన్ మీటర్లు, అంటే 18.4 కిలోవాట్లు. రింగ్ 3,500. లెక్క వేస్తే చిన్న మోటార్ మైనస్ 1,180, అంటే వెనక్కి తిరుగుతోంది. ఇప్పుడు పాత్రలు తారుమారవుతాయి. చిన్న మోటార్ కరెంటు తీసుకుని సన్‌ని వెనక్కి తిప్పుతుంది, పెద్ద మోటార్ చక్రాల వైపు నుంచి శక్తి లాక్కుని ఆ కరెంటు తయారు చేస్తుంది. దాదాపు 2.75 కిలోవాట్లు ఇలా లోపలే గుండ్రంగా తిరుగుతుంటాయి. వినగానే ఇదేం వృథా అనిపిస్తుంది, కానీ పోయేది ఆ తిరిగే శక్తిలో కొంత మాత్రమే, ఇందాకటి లెక్క ప్రకారం 0.65 కిలోవాట్లు. దానికి బదులుగా ఇంజన్ 2,200 అనే తక్కువ ఆర్‌పీఎంలో, ఎక్కువ లోడ్‌లో, తనకి బాగా నచ్చిన చోట నడుస్తోంది. పెట్రోల్ ఇంజన్ తక్కువ తాగేది అలాంటప్పుడే. అందుకే మొత్తంగా లాభమే.

ఇప్పుడు ఇవే మూడు సందర్భాల్లో మిగతా రెండు రకాలని పెట్టి చూడండి, పోలిక దానంతటదే తేలుతుంది.

సిరీస్‌లో ఇంజన్ శక్తి మొత్తం రెండుసార్లు మారాలి. 46 కిలోవాట్లలో 8.7 పోతాయి, హైవేలో 18.4లో 3.5 పోతాయి. పవర్ స్ప్లిట్ హైవేలో పోగొట్టేదానికి ఇది ఐదు రెట్లు. కానీ సిటీలో కథ వేరు. నిమిషానికోసారి ఆగుతూ, 20, 30లో పాకుతూ వెళ్లేటప్పుడు బండిని ఎక్కువగా నడిపేది బ్యాటరీయే, ఇంజన్ అప్పుడప్పుడూ వచ్చి బ్యాటరీ నింపి పోతుంది. అక్కడ సిరీస్‌కీ పవర్ స్ప్లిట్‌కీ మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, పైగా సిరీస్‌లో లాగుడు పూర్తిగా ఎలక్ట్రిక్ కారులాగే ఉంటుంది కాబట్టి నడపడానికి హాయిగా ఉంటుంది.

హోండా పద్ధతి ఆ హైవే నష్టానికే జవాబు. వేగం బాగా అందుకున్నాక క్లచ్ పట్టుకుని ఇంజన్‌ని ఒకే గేరుతో చక్రాలకి కలిపేస్తుంది, అప్పుడు కరెంటు దారే ఉండదు, శక్తి తిరగడమూ ఉండదు. సమతలంగా, ఒకే వేగంలో గంటలకొద్దీ వెళ్లే హైవేలో ఇది పవర్ స్ప్లిట్‌తో సమానంగానో ఒక మెట్టు పైనో ఉండగలదు. అయితే ఆ క్లచ్ ఒకటే గేరు కదా. ఎక్కుడు వస్తే, వేగంగా దాటాలంటే, క్లచ్ వదిలి మళ్లీ సిరీస్‌లోకి రావాలి, అంటే సరిగ్గా ఎక్కువ శక్తి కావాల్సినప్పుడే శక్తి మొత్తం కరెంటు దారిలోకి వెళ్తుంది. సమతలం హైవే మనిషికి హోండా పద్ధతి, ఎత్తుపల్లాల రోడ్డు మనిషికి పవర్ స్ప్లిట్ అని నేను చెప్పేది ఇందుకే.

గేర్‌బాక్స్ ఉన్న పారలల్‌లో పెడల్ గట్టిగా తొక్కినప్పుడు నష్టం అన్నిటికంటే తక్కువ, గేర్ల రాపిడిలో పోయే రెండు మూడు కిలోవాట్లే. లారీని దాటేటప్పుడు అది ముందుంటుంది. కానీ ఇంజన్ ఆర్‌పీఎం చక్రాల వేగానికి ఆరు మెట్లతో కట్టేసి ఉంటుంది, మంచి చోటు రెండు మెట్ల మధ్యన పడితే అక్కడికి వెళ్లలేదు. ఇంకా, ఆగి కదిలే ట్రాఫిక్‌లో ఇంజన్ వచ్చి కలిసిన ప్రతిసారీ ఒక క్లచ్ పట్టుకోవాలి, గేరు మారాలి. బాగా ట్యూన్ చేసిన వాటిలో తెలీదు, కొన్నిట్లో చిన్న కుదుపు తెలుస్తుంది. పవర్ స్ప్లిట్‌లో ఆ కుదుపు పుట్టే చోటే లేదు, ఎందుకంటే కలవడం విడిపోవడం అనే పనే లేదు, గేర్లన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి.

ఇంజన్ మోత గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పవర్ స్ప్లిట్ కొన్నాక ఎక్కువమంది బాధపడేది దీని గురించే. పెడల్ తొక్కగానే ఇంజన్ 4,000కి ఎగిరి అక్కడే ఒకే గొంతుతో అరుస్తుంటుంది, బండి వేగం మాత్రం నెమ్మదిగా అందుకుంటుంది. మనకి అలవాటైనది వేగంతో పాటే పెరిగే శబ్దం కదా, అది ఇక్కడ దొరకదు. బండిలో ఏదో జారిపోతోందని, క్లచ్ పోయిందని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. జారడానికి క్లచ్ లేనే లేదు. చిన్న మోటార్ ఇంజన్‌ని శక్తి ఎక్కువ వచ్చే ఆర్‌పీఎంకి తీసుకెళ్లి అక్కడే పట్టి ఉంచుతోంది, అంతే. చిన్న ఇంజన్ ఉన్న బండిలో, నలుగురు ఎక్కి, ఎత్తు ఎక్కుతుంటే ఈ మోత ఎక్కువ. పెద్ద ఇంజన్, బలమైన మోటార్లు ఉన్న కొత్త తరాల్లో బాగా తగ్గింది. ఏదైనా సరే, మీకు శబ్దం పడకపోతే దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి, పదేళ్లు వినాల్సింది మీరే.

సిరీస్‌లో కూడా ఇదే సమస్య ఉంది, కానీ అక్కడ ఇంజన్‌కీ చక్రాలకీ లంకె లేదు కాబట్టి తయారీదారులు శబ్దాన్ని వేగానికి తగ్గట్టు పెరిగేలా, మెట్లు మెట్లుగా మారేలా సర్దుతారు. హోండా అలా చేస్తుంది. చెవికి నచ్చుతుంది.

పవర్ స్ప్లిట్‌లో ఏమేం లేవో చూస్తే దాని బలం కూడా, బలహీనత కూడా కనపడతాయి. స్టార్టర్ మోటార్ లేదు, ఇంజన్‌ని తిప్పి లేపేది చిన్న మోటారే. ఆల్టర్నేటర్ లేదు, క్లచ్ లేదు, టార్క్ కన్వర్టర్ లేదు, రివర్స్ గేరు కూడా లేదు. అరిగే సామాను ఇంత తక్కువ ఉన్నందుకే ఇవి లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి, టాక్సీల వాళ్లు వీటిని ఏరికోరి తీసుకోవడానికి కారణం ఇదే. మన్నిక ఒక్కటే మీకు ముఖ్యమైతే ఇక పోలిక అక్కర్లేదు, పవర్ స్ప్లిట్ తీసుకోండి. కానీ చిన్న మోటార్ పాడైతే ఇంజన్ లేవదు, ఇంజన్ లేవకపోతే ఆ చిన్న బ్యాటరీతో ఎక్కువ దూరం పోలేరు.

రివర్స్ గేరు లేకపోవడం మామూలు పార్కింగ్‌లో తెలీదు, పెద్ద మోటార్ వెనక్కి తిరుగుతుంది, బండి వెనక్కి వస్తుంది. నిటారు ర్యాంప్ మీద వెనక్కి ఎక్కించాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది. టార్క్ పంపకం మారదని చెప్పాను కదా, ఇంజన్ పని చేస్తున్నంతసేపూ దాని 72 శాతం టార్క్ బండిని ముందుకే నెడుతుంది. అంటే బ్యాటరీ తగ్గి ఇంజన్ లేచిందంటే, వెనక్కి వెళ్లాలనుకునే పెద్ద మోటార్ ఆ ముందుకి నెట్టే బలంతో కూడా పోరాడాలి. మీ ఇంటి సెల్లార్ లోంచి రోజూ రివర్స్‌లో పైకి రావాల్సి ఉంటే టెస్ట్ డ్రైవ్‌లో ఇది తప్పక ప్రయత్నించండి, నలుగురినీ ఎక్కించుకుని మరీ. గేర్‌బాక్స్ హైబ్రిడ్‌లో మామూలు రివర్స్ గేరు ఉంటే ఈ టెన్షన్ లేదు, సిరీస్‌లో కూడా మోటార్ బలమంతా వెనక్కి దొరుకుతుంది.

ఇంజన్ ఆపి కేవలం మోటార్‌తో ఎంత వేగం దాకా వెళ్లచ్చన్నదీ ఈ గేర్ల లెక్కే. ఇంజన్ సున్నా అయితే చిన్న మోటార్ రింగ్ కంటే 2.6 రెట్లు వేగంగా వెనక్కి తిరగాలి. రెండో తరం ప్రియస్‌లో 67 కిలోమీటర్ల వేగం దాటితే అది 6,100 ఆర్‌పీఎం మించుతుంది, అందుకే ఆ పైన ఇంజన్‌ని పెట్రోల్ లేకుండానైనా తిప్పుతూ ఉంటుంది. కొత్త తరాల్లో ఈ హద్దు చాలా పైకి వెళ్లింది. పారలల్‌లో క్లచ్ విడదీస్తే చాలు, ఇంజన్ పూర్తిగా ఆగిపోతుంది. సిరీస్‌లో ఈ హద్దు అసలు లేదు.

పెద్ద ఘాట్ రోడ్లలో ఎక్కువ తిరిగేవాళ్లు బ్యాటరీ ఎంత చిన్నదో గుర్తుంచుకోవాలి. ఆ ప్రియస్‌లో మొత్తం 1.3 యూనిట్లు, అందులో నిజంగా వాడుకునేది అర యూనిట్ చుట్టుపక్కల. 20 కిలోవాట్ల చొప్పున లాగితే నిమిషంన్నరలో అయిపోతుంది, తర్వాత ఎక్కాల్సింది ఇంజన్ బలంతోనే. దిగేటప్పుడు దీనికి వ్యతిరేకం, 300 మీటర్ల ఎత్తు దిగేసరికే బ్యాటరీ నిండిపోతుంది, బ్రేకులు వేడెక్కుతాయి. అప్పుడు లివర్‌ని B లో పెట్టాలి, చిన్న మోటార్ పెట్రోల్ లేకుండా ఇంజన్‌ని తిప్పి ఆ శక్తిని గాలి పంపులా ఖర్చు చేస్తుంది. అలవాటుగా ఎప్పుడూ B లో నడపకండి, బ్యాటరీకి రావాల్సిన శక్తి ఇంజన్‌లో పోతుంది. రోజూ ఘాట్ ఎక్కి దిగే పనే అయితే, దిగేటప్పుడు గేరు తగ్గించి పట్టుకునే వీలున్న పారలల్ బండి మీకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది, నా ఓటు కూడా అటే.

మామూలు కారు అలవాటుతో చేసే తప్పులు రెండున్నాయి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు N లో పెట్టడం మొదటిది. N లో రెండు మోటార్లూ పనిలో ఉండవు, ఇంజన్ తిరుగుతున్నా బ్యాటరీ ఎక్కదు, ఏసీ మాత్రం బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. చాలాసేపు ఆగితే P లో పెట్టండి, లేదా D లోనే బ్రేక్ తొక్కి ఉండండి. రెండోది లాక్కెళ్లడం. నడిచే చక్రాలు నేల మీద ఉంచి ఈ కారుని తాడు కట్టి లాగితే పెద్ద మోటార్ తిరుగుతుంది, దాని శాశ్వత అయస్కాంతాలు కరెంటు పుట్టిస్తాయి, ఇన్వర్టర్‌కి ముప్పు. ముందు చక్రాలు లేపి గానీ, మొత్తం లారీ మీద ఎక్కించి గానీ తీసుకెళ్లాలి.

టెస్ట్ డ్రైవ్‌లో ఇలా చూడండి. ముందు 20, 30 వేగంలో ఆగుతూ కదులుతూ పది నిమిషాలు నడిపి, ఇంజన్ లేచేటప్పుడూ ఆగేటప్పుడూ కుదుపు తెలుస్తోందా అని గమనించండి, రేడియో ఆపేసి. తర్వాత 40 నుంచి 80 దాకా పెడల్ సగం తొక్కి ఒకసారి, పూర్తిగా తొక్కి ఒకసారి వెళ్లండి, మోత మీకు ఒప్పుకునేలా ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. ఏటవాలు దొరికితే రివర్స్‌లో ఎక్కించండి. హైవే ఉంటే ఒకే వేగంలో పది కిలోమీటర్లు వెళ్లి, ఆ ముక్కకి మీటరు ఎంత మైలేజీ చూపిస్తోందో రాసుకోండి, మొత్తం సగటు చూడకండి, అది ముందు నడిపినవాళ్ల లెక్కతో కలిసిపోయి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ పవర్ స్ప్లిట్ చూస్తున్నవాళ్లు గేర్ల గురించి పెద్దగా భయపడక్కర్లేదు, వాటి చుట్టూ ఉన్నవి చూడండి. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పీల్చే జాలీ ఉంటుంది, పెంపుడు కుక్క వెంట్రుకలతోనూ దుమ్ముతోనూ మూసుకుపోయి ఉంటే ఆ బ్యాటరీ ఎన్నో ఎండాకాలాలు ఉడికిందని అర్థం. ఇన్వర్టర్‌కి ఇంజన్‌తో సంబంధం లేని సొంత కూలెంట్ దారి ఉంటుంది. కారు READY లో ఉండగా ఆ చిన్న ట్యాంకు మూత తీసి చూస్తే రెండో తరంలో నీళ్లు కదులుతూ కనపడాలి, నిశ్చలంగా ఉంటే పంపు పోయింది. ఆ పంపు చవక, దాన్ని పట్టించుకోకపోతే పోయే ఇన్వర్టర్ చవక కాదు. కారు కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ రీడర్ పెట్టి పాత కోడ్‌లు చూడండి, `P0A80` ఉంటే బ్యాటరీ ప్యాక్ మార్చాల్సిన స్థితిలో ఉందని, `P0A93` ఉంటే ఇన్వర్టర్ చల్లబడటం లేదని. అమ్మేవాళ్లు ముందురోజే కోడ్‌లు తుడిచేసి ఉండచ్చు, కాబట్టి అరగంట నడిపి, ఒక ఎత్తు ఎక్కించి, మళ్లీ చదవండి. రీడర్‌లో బ్యాటరీ బ్లాకుల వోల్టేజీలు కనపడితే, గట్టిగా తొక్కినప్పుడు ఒక బ్లాకు మిగతావాటికంటే ఒక వోల్ట్ దాకా కిందికి జారుతుంటే ఆ బండి ధరలో కొత్త బ్యాటరీ ఖర్చు తీసేసి బేరం ఆడండి, లేదా వదిలేయండి.

గేర్ల ఆయిల్ ఎప్పటికీ మార్చక్కర్లేదని కొందరు చెబుతారు. అదే ఆయిల్ మోటార్ల రాగి తీగలని కూడా చల్లబరుస్తుంది కాబట్టి నేనైతే లక్ష కిలోమీటర్లకి ఒకసారైనా తయారీదారు చెప్పిన రకమే పోయించి మార్పిస్తాను. అందులో క్లచ్ పొడి ఉండదు, పని కూడా మామూలు గేర్‌బాక్స్ కంటే తేలిక.

నన్నడిగితే, రోజులో ఎక్కువసేపు ట్రాఫిక్, వారానికోసారి ఊరి బయట రోడ్లు, బండిని పదిహేనేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే పవర్ స్ప్లిట్. పూర్తిగా ఊళ్లోనే తిరుగుతూ ఎలక్ట్రిక్ కారు లాగుడు కావాలి గానీ చార్జింగ్ పాయింటు లేదు అంటే సిరీస్. రోజూ చదును హైవేలో గంట పైన ఒకే వేగంలో వెళ్లేవాళ్లు క్లచ్‌తో నేరుగా కలిసే హోండా రకాన్ని నడిపి చూడకుండా నిర్ణయం తీసుకోకండి. బరువు ఎక్కించుకుని ఘాట్‌లు ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్లకీ, ఇంజన్ గొంతు వేగంతో పాటు పెరగకపోతే చిరాకు పడేవాళ్లకీ పారలల్. మీ పని ఈ నాలుగింటిలో రెండింటి మధ్య ఉంటే, ఒక వారం మీ పాత బండిలో ఎన్ని నిమిషాలు 30 లోపు, ఎన్ని 80 లోపు, ఎన్ని ఆ పైన నడిపారో రాసుకోండి, ఎక్కువ నిమిషాలు ఎటు పడితే ఆ బండినే ముందు టెస్ట్ డ్రైవ్‌కి అడగండి.